5 అడుగుల గుండ్రటి టేబుళ్ళు 15, అతిథులు 120 మంది: టేబుళ్ళ దూరం, క్లాత్ కొలత, నాప్కిన్ మడత, మధ్యలో పూలు

ప్రశ్న: మా బాంక్వెట్ హాలు 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు. ఒక చివర 8 అడుగుల లోతున్న స్టేజీ ఉంది. స్టేజీ వైపు తిరిగి నిలబడితే మెయిన్ డోర్ ఎడమ గోడకి, వెనక మూల నుంచి 15 అడుగుల దూరంలో ఉంటుంది. వంటగది తలుపు కుడి గోడకి, వెనక మూల దగ్గర. 120 మందికి కూర్చోబెట్టి వడ్డించాలి. 5 అడుగుల గుండ్రటి టేబుళ్ళు 15 ఉన్నాయి. వరసకి 4 చొప్పున వేసి చూశాను, బాగా ఇరుకుగా ఉంది. ఎలా సర్దాలి? ఏ సైజు టేబుల్ క్లాత్ కావాలి? నాప్కిన్ ఎలా మడవాలి, మధ్యలో పూలు ఎంత ఎత్తుండాలి?

జవాబు:

మీ టేబుళ్ళు సరిపోతాయి, హాలూ సరిపోతుంది. ఇబ్బంది వరసలు వేసిన తీరులో ఉంది. ఖాళీ హాల్లో టేబుల్ అంచు నుంచి టేబుల్ అంచుకి టేపు పెట్టి కొలిస్తే దూరం బాగానే కనిపిస్తుంది. మనుషులు వచ్చి కూర్చున్నాక అందులో సగానికి పైగా మాయమైపోతుంది. ఒకసారి కుర్చీలో కూర్చుని, భోజనం చేసేటప్పుడు ఉన్నట్టుగా కాస్త వెనక్కి జరిగి, టేబుల్ అంచు నుంచి కుర్చీ వెనక భాగం దాకా ఎవరిచేతైనా కొలిపించండి. దాదాపు 20 అంగుళాలు వస్తుంది. పక్క టేబుల్ మనిషి మీకు వీపు పెట్టి కూర్చుంటే అటు నుంచి ఇంకో 20. అంటే రెండు టేబుళ్ళ మధ్య 40 అంగుళాలు కుర్చీలకే పోతాయి, మిగిలిందే వడ్డించేవాళ్ళ దారి. చేతిలో ట్రే పట్టుకున్న మనిషి ఎవరి భుజానికీ తగలకుండా వెళ్ళాలంటే కనీసం 24 అంగుళాలు కావాలి.

ఇప్పుడు మీ వరసకి 4 లెక్క చూడండి. గోడ నుంచి మొదటి టేబుల్ మధ్య బిందువు 6 అడుగుల దూరంలో ఉండాలి, అటువైపు కూడా అంతే. 40లో 12 పోతే 28 అడుగులు. 4 టేబుళ్ళకి మధ్యలో 3 ఖాళీలు కాబట్టి ఒక మధ్య బిందువు నుంచి ఇంకోదానికి 9 అడుగుల 4 అంగుళాలు. టేబుల్ వెడల్పు 5 అడుగులు తీసేస్తే అంచుకీ అంచుకీ మధ్య 4 అడుగుల 4 అంగుళాలు, అంటే 52 అంగుళాలు. కుర్చీలకి 40 పోతే దారికి మిగిలింది 12. మీకు ఇరుకుగా అనిపించింది అందుకే. ఒకటి గమనించండి, ఇలా వేసినప్పుడు ముందు వరసకీ వెనక వరసకీ మధ్య మాత్రం 7 అడుగులకి పైగా ఖాళీ ఊరికే పడి ఉంటుంది. చోటు ఉంది, అవసరమైన దగ్గర లేదు.

గుండ్రటి టేబుళ్ళని నిలువూ అడ్డం గళ్ళలాగా వేస్తే నాలుగు టేబుళ్ళ మధ్య ఒక పెద్ద ఖాళీ మిగిలిపోతుంది. అక్కడ ఎవరూ కూర్చోరు, ఆ చోటు దేనికీ పనికిరాదు. తేనెపట్టులో గదుల్లాగా ఒక వరస టేబుళ్ళు ముందు వరస సందుల్లోకి వచ్చేలా వేస్తే ఆ ఖాళీ నడిచే దారిగా మారుతుంది. మీకు నేను చెప్పేది వరసకి 3 చొప్పున 5 వరసలు, ఒక వరస ఎడమకి, తర్వాతి వరస కుడికి జరిపి. కొలతలన్నీ టేబుల్ మధ్య బిందువు నుంచే తీసుకోండి.

స్టేజీ అంచు నుంచి మొదటి వరస 9 అడుగులు. అక్కడి నుంచి ప్రతి వరసా 9 అడుగుల 3 అంగుళాలకి ఒకటి. అయిదో వరస వెనక గోడకి 6 అడుగుల దూరంలో ఆగుతుంది. 1, 3, 5 వరసల్లో ఎడమ గోడ నుంచి మొదటి టేబుల్ 6 అడుగుల 3 అంగుళాలు, తర్వాత 11 అడుగులకి ఒకటి. 2, 4 వరసల్లో ఎడమ గోడ నుంచి మొదటి టేబుల్ 11 అడుగుల 9 అంగుళాలు, తర్వాత మళ్ళీ 11 అడుగులకి ఒకటి. అంతే.

ఇలా వేస్తే ఒక వరసలో టేబుల్ అంచుకీ అంచుకీ మధ్య 6 అడుగులు వస్తాయి. ముందు వరస టేబుల్‌కీ, ఏటవాలుగా ఉన్న వెనక వరస టేబుల్‌కీ మధ్య బిందువుల దూరం 10 అడుగుల 9 అంగుళాలు, అంచుల మధ్య 5 అడుగుల 9 అంగుళాలు. కుర్చీల 40 అంగుళాలు తీసేసినా టేబుళ్ళ మధ్య అత్యంత ఇరుకైన చోట 29 అంగుళాల దారి ఉంటుంది. అదే హాలు, అవే 15 టేబుళ్ళు.

ఇందులో మీ తలుపులకి కూడా ఒక లాభం ఉంది. మెయిన్ డోర్ నాలుగో వరసకి ఎదురుగా పడుతుంది. ఆ వరస కుడికి జరిగి ఉంది కాబట్టి తలుపు లోపల, కుర్చీలు పోను, ఏడున్నర అడుగుల ఖాళీ దొరుకుతుంది. వచ్చినవాళ్ళు అక్కడ నిలబడి తమ టేబుల్ ఎక్కడో చూసుకోవచ్చు. వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్ళు ఉంటే నాలుగో వరస ఎడమ టేబుల్ వాళ్ళకి ఇచ్చి, తలుపు వైపున ఒక కుర్చీ తీసేయండి. హాలంతా దాటే అవసరం ఉండదు. అయిదో వరస ఎడమకి జరిగి ఉంటుంది కాబట్టి వంటగది తలుపు దగ్గర కూడా అలాంటి జాగానే వస్తుంది. వడ్డించేవాళ్ళ సైడ్ టేబుల్, నీళ్ళ జగ్గులు, తీసిన ప్లేట్లు పెట్టే డబ్బాలు అక్కడ. తలుపు రెక్క పూర్తిగా తెరుచుకునే మేరకి మాత్రం ఏమీ పెట్టకండి.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది, అది ముందే చెప్పాలి. స్టేజీ దాకా నేరుగా వెళ్ళే నడిమి దారి ఇందులో ఉండదు. ఎవరినైనా హాలు మధ్య నుంచి నడిపించుకుంటూ స్టేజీ మీదకి తీసుకెళ్ళే కార్యక్రమం ఉంటే ఈ ప్లాన్ పనికిరాదు. అప్పుడు మధ్యలో 6 అడుగుల దారి వదిలి రెండు భాగాలుగా వేసుకోవాలి, ఈ వెడల్పులో అలా వేస్తే 15 టేబుళ్ళు పట్టడం కష్టం. ఇంకో మాట, అత్యవసర ద్వారాల ముందు ఎంత దారి వదలాలన్నది ఎక్కడి నిబంధనలు అక్కడివే. ఒక కాగితం మీద ప్లాన్ గీసి హాలు మేనేజర్‌కి చూపించి, సరేనన్నాకే టేబుళ్ళు దించండి.

నేల మీద గుర్తులు పెట్టకుండా టేబుళ్ళు వేయకండి. కంటి అంచనాతో మొదటి వరస బాగానే వస్తుంది, మూడో వరసకి అర అడుగు పక్కకి పోతుంది, అయిదో వరస గోడకి ఆనుకుంటుంది. నేల మీద మరక పడని పేపర్ టేపుతో 15 చోట్లా చిన్న ప్లస్ గుర్తులు వేయండి. ఇద్దరు మనుషులు, ఒక పొడవాటి కొలత టేపు ఉంటే అరగంట పని. మొదటి రెండు వరసల గుర్తులు అయ్యాక ఏటవాలు దూరం ఒకసారి కొలవండి. రెండో వరస మొదటి గుర్తు నుంచి, మొదటి వరసలో మొదటి, రెండో గుర్తులకి, రెండు వైపులా 10 అడుగుల 9 అంగుళాలే రావాలి. ఒకవైపు ఎక్కువా ఒకవైపు తక్కువా వస్తే వరస పక్కకి జరిగినట్టు. అక్కడే సరిచేసుకోండి, ముందుకి వెళ్ళాక సరిచేయడం చాలా కష్టం.

కుర్చీలు వేసేటప్పుడు స్టేజీ వైపు కుర్చీ రాకుండా రెండు కుర్చీల మధ్య సందు వచ్చేలా మొదలుపెట్టండి. నేరుగా స్టేజీకి వీపు పెట్టి ఒక్కరూ కూర్చోరు, ఆ వైపు ఇద్దరూ కొంచెం పక్కకి తిరిగితే చాలు. ఎదురుగా ఉన్నవాళ్ళకి కూడా ఆ సందులోంచి స్టేజీ కనిపిస్తుంది. 5 అడుగుల టేబుల్ చుట్టుకొలత సుమారు 188 అంగుళాలు, 8 మందికి పంచితే మనిషికి ఇరవై మూడున్నర. సుఖంగా తినడానికి ఇది చాలు. చివరి నిమిషంలో ఎవరైనా “ఇంకో ఇద్దర్ని సర్దేద్దాం” అంటే ఆ టేబుల్‌కి మనిషికి 19 అంగుళాలు కూడా రావు, మోచేతులు తగులుతాయి, గ్లాసు ఎవరిదో తెలియదు. ఒక టేబుల్‌కి 9 మంది దాకా సర్దుకోవచ్చు. 10 మందిని కూర్చోబెట్టే కన్నా ఎక్కడైనా చిన్న టేబుల్ ఒకటి అదనంగా వేయడం మేలు.

ఇక క్లాత్. లెక్క చాలా తేలిక. క్లాత్ నేలని తాకాలంటే టేబుల్ వెడల్పుకి దాని ఎత్తుని రెండుసార్లు కలపాలి. టేబుల్ ఎత్తు సాధారణంగా 30 అంగుళాలు. మీ 60 అంగుళాల టేబుల్‌కి 60, మరో 60, మొత్తం 120 అంగుళాల గుండ్రటి క్లాత్ కావాలి. విందుకి అదే తీసుకోండి. 108 అంగుళాలది వేస్తే అంచు నేలకి 6 అంగుళాల పైన ఆగుతుంది, మడత టేబుళ్ళ ఇనుప కాళ్ళు కింద కనిపిస్తాయి. 90 అంగుళాలది 15 అంగుళాలే వేలాడుతుంది, కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకి మాత్రమే వస్తుంది. పగటి మీటింగ్‌కి ఫర్వాలేదు, విందుకి బాగుండదు. ఎక్కువైతే గ్రాండ్‌గా ఉంటుందని కొందరు 132 అంగుళాలది ఇస్తారు. అది చుట్టూ 6 అంగుళాలు నేల మీద పడి ఉంటుంది. కుర్చీ కాలు దాని మీద పడుతుంది, మనిషి లేవగానే క్లాత్‌తో పాటు గ్లాసులూ కదులుతాయి. ఫొటోలో అందంగా ఉన్నా సరే, మనుషులు తిరిగే చోట వద్దు.

ఆర్డర్ పెట్టేముందు ప్రతి టేబుల్‌నీ మీరే కొలవండి. ఈ మాట ఊరికే అనడం లేదు. ఒకసారి ఒక హాలువాళ్ళు ఇచ్చిన లిస్టులో అన్నీ 60 అంగుళాల టేబుళ్ళే అని రాసి ఉంది. నేను నమ్మి అన్నిటికీ 120 క్లాతులు తెప్పించాను. సాయంత్రం పరుస్తుంటే మొదటి నాలుగూ నేలకి సరిగ్గా తాకాయి. అయిదోదానికి అంచు పైకి ఉండిపోయింది. ఒక పక్కకి లాగితే రెండో పక్క పైకి లేచింది. క్లాత్ మధ్యలో లేదేమో అని తీసి మళ్ళీ వేశాం, అదే తీరు. అప్పుడు టేపు పెడితే టేబుల్ 66 అంగుళాలు. మొత్తంలో అలాంటివి ఆరు తేలాయి, స్టోర్ రూంలో రెండు సైజులూ కలిసిపోయాయి. ఒక్కో వైపు 3 అంగుళాల తేడా చిన్నదే కదా అనుకుంటాం. కానీ పక్కపక్కనే ఉన్న రెండు టేబుళ్ళలో ఒకదాని అంచు నేల మీద, ఒకదాని అంచు గాలిలో ఉంటే తలుపు దగ్గర నుంచే కంటికి తగులుతుంది. టైం లేదు. ఆ ఆరింటినీ వెనక వరసలోకీ, గోడ పక్కకీ మార్చేశాం. నేల మీద గుర్తులు ఉండబట్టి ఆ పని పావుగంటలో అయింది. అప్పటి నుంచి టేబుల్ వెడల్పుతో పాటు ఎత్తు కూడా కొలిచి రాసుకుంటాను, ఎందుకంటే 29 అంగుళాల ఎత్తువి కూడా తగులుతుంటాయి.

కాటన్ క్లాత్ అయితే ఇంకో ప్రశ్న అడగాలి: ఈ కొలత ఉతకక ముందుదా, ఉతికాకా? 120 అంగుళాల క్లాత్ 3 శాతం ముడుచుకుంటే మూడున్నర అంగుళాలు పోతాయి, చుట్టూ దాదాపు రెండేసి అంగుళాలు పైకి లేస్తుంది. పాలిస్టర్‌కి ఈ బాధ తక్కువ, ముడతలూ తక్కువ. అందుకే టేబుల్ క్లాత్‌కి పాలిస్టర్, నాప్కిన్‌కి కాటన్ లేదా కాటన్ ఎక్కువగా ఉన్న మిక్స్ నా ఎంపిక. నున్నటి పాలిస్టర్ నాప్కిన్ తడి పీల్చదు, నోరు తుడిస్తే జారిపోతుంది.

పరిచేటప్పుడు క్లాత్‌ని నాలుగు మడతలు చేయండి. మడతలన్నీ కలిసే మూల క్లాత్ మధ్య బిందువు. ఆ మూలని టేబుల్ మధ్యలో పెట్టి విప్పితే అంచు అన్ని వైపులా సమానంగా వస్తుంది, చుట్టూ తిరుగుతూ లాగే పని ఉండదు. అంచు కుట్టు లోపలి వైపు ఉండాలి. పెద్ద క్లాతుల్లో ఒక్కోసారి అతుకు కుట్టు ఉంటుంది. అది అన్ని టేబుళ్ళకీ ఒకే దిక్కులో, స్టేజీకి అడ్డంగా వచ్చేలా వేయండి. ఒక్కో టేబుల్ మీద ఒక్కో వైపు పోతే లైట్లు వేశాక గజిబిజిగా కనిపిస్తుంది. మడత గీతలు ఇస్త్రీతో పోగొట్టాలని చూడకండి, టేబుల్ మీద పరిచాక చేతి స్టీమర్‌తో ఒకసారి పోనిస్తే చాలు. చెక్క టేబుల్ పైభాగం గరుకుగా ఉన్నా, ప్లాస్టిక్ టేబుల్ మీద క్లాత్ జారుతున్నా కింద పల్చటి ఫెల్ట్ గుడ్డ వేయండి. ప్లేట్ పెట్టిన చప్పుడు తగ్గుతుంది, నీళ్ళు ఒలికితే కిందకి జారకుండా పీల్చుకుంటుంది. కుర్చీని లోపలికి తోసినప్పుడు సీటు ముందు అంచు క్లాత్‌ని తాకీ తాకనట్టు ఉండాలి. క్లాత్ లోపలికి నొక్కుకుపోతే కింద అంచు బయటికి తన్నుకొస్తుంది.

పైన రెండో రంగు వేయాలనుకుంటే చదరపు ఓవర్‌లే వేయండి. 72 అంగుళాల చదరం అయితే పక్కలు 6 అంగుళాలు, మూలలు సుమారు 21 అంగుళాలు వేలాడతాయి, చూడటానికి బాగుంటుంది. 90 అంగుళాల చదరం ఈ టేబుల్‌కి పెద్దది, మూలలు నేలకి తగిలి ఇంకా మూడున్నర అంగుళాలు మిగిలిపోతాయి. ఓవర్‌లే మూల కుర్చీ మీదకి కాకుండా రెండు కుర్చీల మధ్య సందులోకి రావాలి. 8 కుర్చీలకి 4 మూలలు కాబట్టి ఒక సందు విడిచి ఒక సందులో సరిగ్గా కూర్చుంటాయి. అదనంగా రెండు క్లాతులు, పది పన్నెండు నాప్కిన్లు చేతిలో ఉంచుకోండి. కూర ఒలికిన టేబుల్‌ని రాత్రంతా అలాగే ఉంచలేం కదా.

నాప్కిన్ మడతల్లో కిరీటాలు, విసనకర్రలు, నెమళ్ళు చాలా ఉన్నాయి. 120 మందికి వడ్డించే విందుకి నేను ఎప్పుడూ పడుకోబెట్టే జేబు మడతే వాడతాను. నిలబెట్టే మడతలకి గట్టిగా గంజి కావాలి, గాలిలో తేమ ఉంటే గంటలో వంగిపోతాయి. 15 టేబుళ్ళ మీద పదో పన్నెండో పడిపోయినా మొత్తం హాలు చిందరవందరగా కనిపిస్తుంది. మడతలు ఎంత ఎక్కువైతే నాప్కిన్‌ని అన్నిసార్లు చేత్తో పట్టుకున్నట్టు. నోరు తుడుచుకునే గుడ్డ మరి.

20 అంగుళాల చదరపు నాప్కిన్ తీసుకోండి. ముందు కర్ణంగా మడిచి చూడండి, అంచులు కలవకపోతే అది చదరం కాదు, ఏ మడతా సరిగ్గా రాదు. చాలాసార్లు ఉతికిన నాప్కిన్లలో ఇలాంటివి ఎక్కువ, వాటిని పక్కన పెట్టేయండి. సరైనదాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడిస్తే 10 అంగుళాల చదరం వస్తుంది. నాలుగు పొరలూ విడివిడిగా ఉండే మూల పైన కుడివైపు ఉండేలా పెట్టుకోండి. పై పొర మూలని పట్టుకుని కింద ఎడమ మూల వైపుకి ఏటవాలుగా చుట్టుకుంటూ రండి, కర్ణం దాకా వచ్చాక ఆపి వేలితో నొక్కండి. ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న పట్టీలా ఉండాలి. రెండో పొర మూలని వెనక్కి మడిచి ఆ పట్టీ కిందకి దోపండి, అదే వెడల్పు పట్టీ పైకి కనిపించేలా. మూడో పొర కూడా అలాగే. నాలుగోదాన్ని ముట్టుకోకండి. ఇప్పుడు ఎడమ, కుడి పక్కల్ని మూడో వంతు చొప్పున వెనక్కి మడిస్తే మూడు పట్టీలు ఏటవాలుగా ఉన్న పొడుగాటి జేబు వస్తుంది, వెడల్పు మూడుంబావు అంగుళాలు, పొడవు 10. స్పూన్, ఫోర్క్ కానీ, మెనూ కార్డు కానీ అందులో నిలుస్తాయి.

పట్టీల వెడల్పు అందరిదీ ఒకటే రావాలి కాబట్టి ఒకటిన్నర అంగుళాల అట్టముక్క ఒకటి కోసి మడిచేవాళ్ళందరికీ ఇవ్వండి. చేయి తిరిగాక ఒక్కోటి 40 సెకన్లు పడుతుంది, 120కి ఒకరికి గంటా ఇరవై నిమిషాలు. ముందు రోజే మడిచి ట్రేలలో పడుకోబెట్టి శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచుకోవచ్చు. నిలబెట్టే మడతకి ఈ సౌకర్యం లేదు. పట్టీలు అన్ని ప్లేట్ల మీదా ఒకే వైపుకి వాలి ఉండాలి. ఒక్కటి తిరగబడినా కూర్చున్నవాళ్ళకి తెలిసిపోతుంది.

ఇక మధ్యలో పూలు. ముందు ఎంత జాగా ఉందో చూద్దాం. ప్లేట్ టేబుల్ అంచు నుంచి ఒక అంగుళం లోపలికి ఉంటుంది, ప్లేట్ 11 అంగుళాలు, దాని ముందు గ్లాసుకి 4 అంగుళాలు. అంటే ప్రతి వైపు నుంచీ 16 అంగుళాలు భోజనానికే. 60లో 32 పోతే మధ్యలో 28 అంగుళాల వలయం మిగులుతుంది. అందులోనే నీళ్ళ జగ్గు, ఉప్పు, టేబుల్ నంబరు కూడా ఉండాలి. కాబట్టి పూల అమరిక మొత్తం 18 అంగుళాలు దాటకూడదు. గిన్నెలు టేబుల్ మీదే పెట్టి అందరూ పంచుకునే విందు అయితే 10, 12 అంగుళాలకి తగ్గించండి. లేకపోతే మొదటి గిన్నె రాగానే పూలు ఎత్తి కింద పెట్టేస్తారు.

ఎత్తు విషయంలో ఒకటే చూడాలి: ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం కనిపించాలి. కూర్చున్న మనిషి కళ్ళు నేలకి సుమారు 46 నుంచి 48 అంగుళాల ఎత్తులో ఉంటాయి, టేబుల్ 30. అంటే టేబుల్ మీద 12 అంగుళాల దాకా పూలు ఉండొచ్చు, ఆకుల కొసలు ఒకటి రెండు అంగుళాలు దాటినా ఇబ్బంది లేదు. టేపు లేకపోతే మోచేయి టేబుల్ మీద ఆనించి పిడికిలి పైకెత్తండి, పూలు ఆ పిడికిలి దాటకూడదు. పొడవాటి అమరిక కావాలంటే పూలగుత్తి కింది భాగమే టేబుల్ నుంచి 24 అంగుళాల పైన మొదలవ్వాలి, దాన్ని మోసే కాడ మన మణికట్టు కన్నా సన్నగా ఉండాలి. 14 నుంచి 24 అంగుళాల మధ్య దట్టంగా ఏదైనా ఉందంటే అది సరిగ్గా ముఖాలకి అడ్డం. పూలవాళ్ళు షాపులో నిలబడి తయారుచేస్తారు, నిలబడి చూస్తే 18 అంగుళాలది ముచ్చటగా ఉంటుంది. శాంపిల్ తెచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని చూడండి.

మీ హాల్లో స్టేజీ ఉంది కాబట్టి పొడవాటివి 1, 2, 3 వరసల్లో అసలు వద్దు, వెనక ఉన్నవాళ్ళందరికీ, కెమెరాకీ అడ్డు వస్తాయి. అయిదో వరసలోని మూడు టేబుళ్ళకీ పొడవాటివి పెట్టి, మిగతా పన్నెండింటికీ పొట్టివి పెడితే హాలుకి ఎత్తుపల్లాలు వస్తాయి, స్టేజీ అందరికీ కనిపిస్తుంది. పొడవాటిదానికి అడుగున బరువు కావాలి. పూలు పెట్టాక టేబుల్ అంచుని చేత్తో కాస్త గట్టిగా తట్టండి, గుత్తి ఊగి వెంటనే ఆగాలి. ఊగుతూనే ఉంటే కూజాలో గులకరాళ్ళు వేయండి. నీళ్ళు నింపితే కూడా బరువు వస్తుంది కానీ, ఒలికితే టేబుల్ మొత్తం తడుస్తుంది. ఘాటైన వాసనున్న పూలు భోజనం బల్ల మీద పెట్టకండి, తిండి వాసన తెలియదు, కొందరికి తలనొప్పి వస్తుంది. కొవ్వొత్తులు హాలువాళ్ళు ఒప్పుకుంటేనే, అది కూడా మంట కన్నా గాజు గోడ రెండు మూడు అంగుళాలు ఎత్తున్న గ్లాసులోనే.

టేబుల్ నంబరు ఒక్కటి మాత్రం పూల కన్నా ఎత్తుగా ఉండాలి, ఎందుకంటే తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకి అది కనిపించాలి. 15 అంగుళాల సన్నటి స్టాండ్ మీద పెట్టి, నాలుగో వరస ముందున్న ఆ ఖాళీలో మీరే నిలబడి ఒక్కో నంబరూ చదవండి. చదవలేనిదాన్ని అక్కడికక్కడే తిప్పించండి. అందరూ కూర్చున్నాక, మొదటి వడ్డనకి ముందు, స్టాండ్లన్నీ తీసేయమని వడ్డించేవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.